చూపుకూ చేతకూ మధ్య: సెర్చ్ ట్రీలకు తాళాలు వేసే పద్ధతులు

లక్షల కొద్దీ అంకెల్లోంచో పేర్లలోంచో ఒకదాన్ని త్వరగా వెతికి పట్టుకోవడానికి ప్రోగ్రాములు వాడుకునే అమరికల్లో సెర్చ్ ట్రీ ఒకటి. ఈ చెట్టు తలకిందులుగా ఉంటుంది. రూట్ పైన, ఆకులు కింద. ఒక్కో నోడ్‌లో ఒక కీ, ఎడమకొకటి కుడికొకటి చొప్పున రెండు పాయింటర్లు ఉంటాయి. నోడ్‌లోని కీ కంటే చిన్నవన్నీ దాని ఎడమ కొమ్మలోనూ, పెద్దవన్నీ కుడి కొమ్మలోనూ ఉంటాయి. వెతికేవాడు ప్రతి నోడ్ దగ్గరా ఒక్క పోలిక చేసి, ఏదో ఒక పక్కకు దిగిపోతాడు. చెట్టు రెండు వైపులా సమతూకంగా ఉంటే పది లక్షల కీల మధ్య కావలసినదాన్ని దాదాపు 20 పోలికల్లో తేల్చవచ్చు.

ఈ లెక్క ఒక్కరే దిగుతున్నంతసేపు సరిగ్గానే ఉంటుంది. ఇప్పటి సర్వర్ ప్రోగ్రాముల్లో మాత్రం ఒకే చెట్టులోకి ఒకేసారి ఎన్నో థ్రెడ్లు దిగుతాయి. థ్రెడ్ అంటే ప్రోగ్రాం లోపల విడిగా సాగే ఒక పనివరుస. థ్రెడ్లన్నిటికీ మెమరీ ఒక్కటే కాబట్టి ఒకటి రాసింది ఇంకొకటి చదువుతుంది, ఒకటి రాస్తున్నచోటే ఇంకొకటీ రాస్తుంది. థ్రెడ్లు ఎంత కలగాపులగంగా వచ్చినా, అవి ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా వచ్చి పని ముగించుకుని వెళితే ఏ ఫలితం వచ్చేదో అదే రావాలి. అలా వచ్చే చెట్టును థ్రెడ్ సేఫ్ అంటారు. మామూలుగా రాసిన చెట్టుకు ఆ గుణం ఉండదు.

మాయమైన 40

చెట్టులో 50, 30, 70 ఉన్నాయనుకుందాం. 50 రూట్, దాని ఎడమ 30, కుడి 70. కొత్త కీని చేర్చే పని సి భాషలో మూడు వరుసల్లో అయిపోతుంది:

```c
while (*p != NULL)
    p = (key < (*p)->key) ? &(*p)->left : &(*p)->right;
*p = n;
```

ఖాళీ చోటు దొరికేదాకా దిగడం, దొరికిన చోట కొత్త నోడ్‌ను తగిలించడం. ఇంతే పని. ఇప్పుడు మొదటి థ్రెడ్ 40ని, రెండో థ్రెడ్ 35ని ఒకే సమయంలో చేర్చబోతున్నాయి. రెండూ 50 దగ్గర ఎడమకు తిరిగి, 30 దగ్గర కుడికి చూస్తాయి. అక్కడ ఖాళీగా ఉందని రెండిటికీ తెలుస్తుంది. మొదటి థ్రెడ్ 40ని తగిలించి, పని అయిందని తనను పిలిచినవారికి చెప్పి వెళ్లిపోతుంది. రెండో థ్రెడ్ మళ్లీ చూడదు. ఖాళీ అని ఇందాకే చూసింది కదా! అదే చోట 35ని రాసేస్తుంది. 40 ఉన్న నోడ్ మెమరీలో ఎక్కడో ఉంటుంది గాని, దాని దగ్గరికి చేర్చే పాయింటర్ ఇక లేదు.

ఈ తప్పుకు చప్పుడు ఉండదు. ప్రోగ్రాం ఆగిపోదు, హెచ్చరిక రాదు, చెట్టు చూడటానికి చక్కగానే ఉంటుంది. ఎప్పుడో ఎవరో 40 కోసం వెతికితే లేదని జవాబు వస్తుంది. 'ఖాళీగా ఉంది' అని చూసిన క్షణానికీ 'రాశాను' అనే క్షణానికీ మధ్య సందులో లోకం మారిపోవడమే దీనికి మూలం. సెర్చ్ ట్రీకి వేసే తాళాల కథంతా ఈ సందు చుట్టూనే తిరుగుతుంది.

ఈ ఒక్క పొరపాటుకైతే మందు తేలికే. దిగేటప్పుడు తాళాలేమీ వేయకుండా దిగి, చివరి నోడ్ దగ్గర మాత్రం లాక్ వేసి, ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉందా అని మరోసారి చూడాలి:

```c
pthread_mutex_lock(&cur->lock);
if (cur->right == NULL)
    cur->right = n;
pthread_mutex_unlock(&cur->lock);
```

ఈలోగా ఎవరైనా ఆ చోటు ఆక్రమిస్తే, కొత్తగా వచ్చిన ఆ నోడ్‌లోకి దిగి వెతుకులాట కొనసాగించాలి. మళ్లీ రూట్ దగ్గరికి పోవలసిన పని లేదు. తీసివేతలు లేని, నోడ్లు కదలని చెట్టులో 35 చేరవలసినది 30 కుడి కొమ్మలోనే అన్న నిర్ణయం ఎప్పటికీ చెల్లుతుంది. అందుకే ఇక్కడ ఒక్క చిన్న తాళం సరిపోతుంది.

తాళం వేయకుండా దిగేవారి విషయంలో ఒక షరతు ఉంది. కొత్త నోడ్‌లో కీ, పాయింటర్లు పూర్తిగా రాశాకే దాన్ని చెట్టుకు తగిలించాలి. ప్రోగ్రాంలో ఆ వరుసలోనే రాసినా కంపైలర్ వరుస మార్చవచ్చు. ఏఆర్‌ఎం రకం ప్రాసెసర్లు కూడా ఒక కోర్ రాసినవి ఇంకో కోర్‌కు వేరే వరుసలో కనిపించనిస్తాయి. అప్పుడు చదివేవారికి పాయింటర్ కనిపిస్తుంది గాని, దాని వెంట వెళితే లోపల చెత్త ఉంటుంది. పాయింటర్‌ను అటామిక్‌గా, సి11లోని `memory_order_release` తో రాసి, `memory_order_acquire` తో చదివితే ఆ వరుస తప్పదు.

వెతికేవాడికీ ముప్పే

నోడ్లు కదలని చెట్టుతో ఎందుకు సరిపెట్టుకోకూడదు? కీలు ఎప్పుడూ చిందరవందరగా వస్తే సరిపెట్టుకోవచ్చు. కాని బిల్లు నంబర్లలా 1, 2, 3 అని వరుసగా వస్తే ప్రతి కీ ముందుదానికి కుడి పక్కనే చేరి, చెట్టు కాస్తా గొలుసవుతుంది. పది లక్షల కీలకు 20 పోలికలు కాదు, పది లక్షల పోలికలు పడతాయి. అందుకే ఏవీఎల్, రెడ్ బ్లాక్ వంటి చెట్లు చేర్చినప్పుడల్లా తూకం సరిచూసుకుని, అవసరమైతే నోడ్లను అటూఇటూ తిప్పి సమతూకం తెచ్చుకుంటాయి. ఈ తిప్పడాన్నే రొటేషన్ అంటారు.

రొటేషన్ వచ్చాక, ఏమీ రాయకుండా కేవలం వెతికే థ్రెడ్ కూడా మోసపోతుంది. 50 రూట్, దాని ఎడమ 30, కుడి 70, 30 కింద 20, 40 ఉన్న ఏవీఎల్ చెట్టును తీసుకుందాం. ఒక థ్రెడ్ 20 కోసం వెతుకుతోంది. 50 దగ్గర నిలబడి, 20 చిన్నది కాబట్టి ఎడమకు పోవాలని తేల్చుకుంది. ఎడమ పాయింటర్‌ను ఇంకా చదవలేదు. సరిగ్గా అప్పుడే ఇంకో థ్రెడ్ 10ని చేర్చింది. అది 20 కింద ఎడమకు చేరడంతో రూట్ ఎడమ వైపు ఎత్తు 3, కుడి వైపు 1 అయ్యాయి. తూకం తప్పింది కాబట్టి ఆ థ్రెడ్ 50 దగ్గర చెట్టును కుడికి తిప్పింది. ఇప్పుడు 30 రూట్. 20 దాని ఎడమకు, 50 దాని కుడికి వచ్చాయి. 40 తన పాత చోటు వదిలి 50కి ఎడమ కొమ్మ అయింది.

మొదటి థ్రెడ్‌కు ఇదేమీ తెలియదు. అది 50 దగ్గరే ఉంది. ఎడమ పాయింటర్ చదివితే 40 వచ్చింది. 20 ఇంకా చిన్నది కాబట్టి 40కి ఎడమకు చూసింది. అక్కడ ఖాళీ. 20 లేదని జవాబిచ్చింది. ఆ సమయమంతా 20 చెట్టులోనే ఉంది, దాన్ని ఎవరూ తీసేయలేదు. 50 ఎడమ కొమ్మలో 20 ఉంటుందన్న నిర్ణయం తీసుకున్నప్పుడు అది నిజమే, కాలు కదిపేసరికి అబద్ధమైంది. ఇందాక చేర్చే థ్రెడ్‌కు ఎదురైన సందే ఇక్కడ వెతికే థ్రెడ్‌కూ ఎదురైంది.

చెట్టంతటికీ ఒకే తాళం

అన్నిటికంటే సూటి మార్గం, చెట్టంతటికీ ఒకే మ్యూటెక్స్ పెట్టడం. వెతకాలన్నా చేర్చాలన్నా ముందు దాన్ని పట్టుకోవాలి, పని అయ్యాక వదలాలి. లోపల ఎప్పుడూ ఒక్కరే ఉంటారు కాబట్టి సందు అన్న మాటే లేదు. వెతుకులాటలే ఎక్కువైతే రీడర్ రైటర్ లాక్ వాడతారు. చదివేవారు ఎందరైనా కలిసి లోపల ఉండవచ్చు, రాసేవారు మాత్రం ఒంటరిగా ఉండాలి. సి++ లోని `std::map`, జావాలోని `TreeMap` తమంతట తాము తాళం వేసుకోవు. చదివేవారు మాత్రమే ఉంటే వాటికి ఇబ్బంది లేదు. ఒక్కరు రాస్తున్నా బయటినుంచి తాళం వేసే బాధ్యత వాడుకునేవారిదే.

ఈ తేలిక పద్ధతిలోనూ కాలుజారే చోట్లు ఉన్నాయి. వెతకడానికి ఒకసారి తాళం వేసి తీసి, లేదని తెలిశాక చేర్చడానికి మళ్లీ తాళం వేస్తే, రెండు తాళాల మధ్య అదే సందు తిరిగి తెరుచుకుంటుంది. ఒక్కో పని విడిగా క్షేమమే, రెండూ కలిస్తే కాదు. 'లేకపోతే చేర్చు' అన్నది ఒకే తాళం కింద జరిగే ఒకే పనిగా ఉండాలి. ఇంకొకటి, వెతికే పని నిజంగా ఏమీ రాయదని నమ్మకంగా తెలియాలి. స్లీటర్, టార్జాన్ 1985లో ప్రకటించిన స్ప్లే ట్రీలో వెతికిన ప్రతిసారీ దొరికిన నోడ్ రొటేషన్లతో రూట్ దాకా ఎగబాకుతుంది. అలాంటి చెట్టుకు రీడర్ లాక్ వేసి నలుగురు కలిసి వెతికితే, నలుగురూ కలిసి రాసినట్టే.

రీడర్ లాక్ ఊరికే రాదు. లోపల ఎందరు చదువుతున్నారో లెక్కపెట్టుకోవాలి కాబట్టి ప్రతి రీడర్ వస్తూ ఒకసారి, పోతూ ఒకసారి ఆ లెక్కను మారుస్తాడు. ఆ లెక్క ఉన్న మెమరీ ముక్క, అంటే సాధారణంగా 64 బైట్ల కాష్ లైన్, ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు బంతిలా తిరుగుతుంది. చెట్టులో దిగడానికి పట్టే సమయం చాలా తక్కువైనప్పుడు ఈ తిరుగుడుకే ఎక్కువ సమయం పోతుంది. కోర్లు పెంచినా వెతుకులాటల వేగం పెరగకపోవడం దీని లక్షణం.

పెద్ద తాళం ఇరుకైన సందర్భం లైనక్స్ కెర్నెల్‌లో ఉంది. ఒక ప్రాసెస్ మెమరీలో ఏ ప్రాంతం ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉందో కెర్నెల్ చాలా ఏళ్లు రెడ్ బ్లాక్ ట్రీలో దాచుకుంది. ఆ చెట్టుకు కాపలా `mmap_lock` అనే ఒకే రీడర్ రైటర్ లాక్. ప్రాసెస్‌లోని థ్రెడ్లన్నీ పేజ్ ఫాల్ట్ వచ్చినప్పుడు చదవడానికీ, మెమరీ అడిగినప్పుడు రాయడానికీ దాని దగ్గరికే రావాలి. థ్రెడ్లు పెరిగినకొద్దీ అక్కడ వరుస కట్టేవి. 2022 చివర వచ్చిన 6.1 వెర్షన్‌లో రెడ్ బ్లాక్ ట్రీ స్థానంలోకి మేపుల్ ట్రీ వచ్చింది. చదివేవారు తాళం లేకుండా దిగగలిగేలా దాన్ని కట్టారు. 2023లో 6.4 వెర్షన్‌లో ఒక్కో ప్రాంతానికి విడి తాళం వచ్చాక, పేజ్ ఫాల్టుల్లో చాలా వాటికి పెద్ద తాళం అవసరం తప్పింది.

చేంతాడు పట్టు

పెద్ద తాళాన్ని ముక్కలు చేసి నోడ్‌కొకటి ఇస్తే, వేర్వేరు కొమ్మల్లో తిరిగే థ్రెడ్లు ఒకదానికొకటి అడ్డురావు. అయితే ఒక నోడ్ తాళం తీసి, ఆ తర్వాత కింది నోడ్‌కు తాళం వేస్తే మధ్యలో సందు మిగులుతుంది. ఆ సందులో కింది నోడ్‌ను ఎవరైనా తిప్పేయవచ్చు, తీసేయవచ్చు కూడా. బావిలోంచి నీళ్లు తోడేటప్పుడు ఒక చెయ్యి చేంతాడును గట్టిగా పట్టుకున్నాకే రెండో చెయ్యి వదులుతుంది. ఇక్కడా అలాగే చేయాలి:

```c
pthread_mutex_lock(&child->lock);
pthread_mutex_unlock(&cur->lock);
cur = child;
```

ముందు పిల్ల నోడ్‌కు తాళం, ఆ తర్వాతే తల్లి నోడ్ తాళం తీయడం. దీన్ని లాక్ కప్లింగ్ అంటారు. ఒకే దారిలో వెనకాల వచ్చే థ్రెడ్ ముందున్నదాన్ని దాటిపోలేదు. ముందున్నది చేసిన మార్పు వెనకవారికి సగంలో కనిపించదు. రూట్ కూడా మారిపోవచ్చు కాబట్టి, రూట్‌ను చూపే పాయింటర్‌కూ ఒక తాళం ఉండాలి. దీన్ని మరిచిపోవడం తరచూ జరిగే పొరపాటు.

రొటేషన్ల దగ్గరే ఇది చిక్కు పెడుతుంది. ఏవీఎల్ చెట్టులో చేర్చడం కింద జరిగితే, సరిచేయడం కిందినుంచి పైకి సాగుతుంది. పైనున్న తల్లుల తాళాలను దిగేటప్పుడే వదిలేశాం. పైకి వెళుతూ మళ్లీ పట్టుకోబోతే, దిగే థ్రెడ్ తల్లిని పట్టుకుని పిల్ల కోసం చూస్తూ ఉంటుంది, ఎక్కే థ్రెడ్ పిల్లను పట్టుకుని తల్లి కోసం చూస్తూ ఉంటుంది. ఇద్దరూ కదలరు. ఇదే డెడ్‌లాక్. తాళాలను ఎప్పుడూ పైనుంచి కిందికే వేయాలన్న నియమం దీనికి విరుగుడు. అప్పుడు పైకి ఎక్కవలసిన అవసరమే రాకుండా చూసుకోవాలి.

ఆ దారి బీ ట్రీల వైపునుంచి వచ్చింది. 1970 ప్రాంతంలో బోయింగ్ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బాయర్, ఎడ్వర్డ్ మెక్రైట్ రూపొందించిన ఈ చెట్టులో ఒక్కో నోడ్ ఎన్నో కీలను పట్టి ఉంచుతుంది. నోడ్ నిండినప్పుడు రెండుగా చీలి, ఒక కీని పైకి పంపుతుంది. తల్లి కూడా నిండి ఉంటే అదీ చీలుతుంది. 1977లో బాయర్, ష్కోల్నిక్ ఇందులోని ఒక సులువును పద్ధతిగా మలిచారు. ఖాళీ ఉన్న నోడ్ చీలదు. కిందినుంచి ఒక కీ ఎగదన్నుకుని వచ్చినా అక్కడే సర్దుకుంటుంది. అంటే అది క్షేమమైన నోడ్. దిగుతూ పోయే థ్రెడ్ తాళాలు వేసుకుంటూ పోతుంది. క్షేమమైన నోడ్ తగలగానే దాని పైనున్న తాళాలన్నిటినీ వదిలేస్తుంది. ఇక ఏం జరిగినా ఆ నోడ్ దాటి పైకి పోదు.

ఇంకా ఒక ఇబ్బంది మిగిలింది. చేర్చే ప్రతి థ్రెడ్ రూట్‌కు కాసేపైనా రైట్ లాక్ వేస్తుంది, అంతసేపూ అందరూ ఆగాలి. నిజానికి నోడ్‌కు వంద కీలు పట్టే చెట్టులో చీలిక అరుదు. అందుకే వారు ఆశతో నడిచే పద్ధతి కూడా చెప్పారు. దారి పొడవునా రీడ్ లాక్‌లతోనే దిగి, ఆకుకు మాత్రం రైట్ లాక్ వేయాలి. ఆకులో ఖాళీ ఉంటే చేర్చి వెళ్లిపోవడమే. నిండి ఉంటే అన్నీ వదిలేసి, మళ్లీ మొదటినుంచి రైట్ లాక్‌లతో దిగాలి. రెండోసారి దిగడం ఎప్పుడో గాని రాదు కాబట్టి మొత్తం మీద లాభమే.

కుడి పక్కకు ఒక లింకు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ సందును మూసే ప్రయత్నాలు. 1981లో ఫిలిప్ లేమన్, బింగ్ యావో వేరే దారి పట్టారు. సందును మూయనక్కర్లేదు, అందులో ఏం జరిగిందో ఆ తర్వాత వచ్చినవాడు కనిపెట్టి సరిదిద్దుకోగలిగితే చాలు అన్నది వారి ఆలోచన. దానికోసం బీ ట్రీలోని ప్రతి నోడ్‌కు రెండు చేర్పులు చేశారు. ఒకటి, అదే మట్టంలో కుడి పక్క నోడ్‌ను చూపే లింకు. రెండోది, ఈ నోడ్‌లో ఉండదగిన కీలలో అతి పెద్దదాన్ని చెప్పే హద్దు, హై కీ. ఈ అమరికను బీ లింక్ ట్రీ అంటారు.

నోడ్‌కు నాలుగు కీలే పడతాయనుకుందాం. ఆకు 'అ'లో 10, 20, 30, 40 ఉన్నాయి, దాని హద్దు 40. దాని కుడి పక్క ఆకు 'ఇ'. 40 దాకా ఉన్న కీలకు 'అ', అంతకు పైవాటికి 'ఇ' అని తల్లి నోడ్ చెబుతోంది. ఒక థ్రెడ్ 40 కోసం తల్లిని చదివి 'అ' వైపు బయలుదేరింది. ఏ తాళమూ పట్టుకోలేదు. దారిలో ఉండగానే రెండో థ్రెడ్ 25ని చేర్చడానికి వచ్చి, 'అ' నిండి ఉందని దాన్ని చీల్చింది.

చీల్చే పని ఒక వరుసలో సాగుతుంది. ముందుగా కొత్త ఆకు 'ఆ' తయారవుతుంది. అందులో 30, 40 ఉంటాయి, హద్దు 40, కుడి లింకు 'ఇ'కి. దీన్ని ఇంకా ఎవరూ చూడలేరు. తర్వాత 'అ'ను ఒకే దెబ్బలో తిరగరాస్తారు. 10, 20, 25 మిగులుతాయి, హద్దు 25 అవుతుంది, కుడి లింకు 'ఆ'ను చూపుతుంది. ఈ క్షణంనుంచీ 'ఆ' గొలుసులో ఉంది, తల్లికి మాత్రం దాని సంగతి తెలియదు. చివరగా తల్లిలో 'ఆ'కు ఒక చోటు రాస్తారు.

మొదటి థ్రెడ్ ఇప్పుడు 'అ'కు చేరింది. మామూలు బీ ట్రీలో అయితే 40 కనిపించక, లేదని చెప్పేది. ఇక్కడ ముందు హద్దు చూస్తుంది. 40 అన్నది 25 కంటే పెద్దది. అంటే తాను బయలుదేరాక ఇల్లు రెండు వాటాలైంది. కుడి లింకు పట్టుకుని 'ఆ'కు వెళ్లి 40ని చూస్తుంది. తల్లి పాత సంగతే చెప్పినా నష్టం లేకపోయింది. ఒక్క అడుగు ఎక్కువ పడింది, అంతే. చీలికలో కీలు ఎప్పుడూ కుడికే జరుగుతాయి, ఎడమకు జరగవు. అందుకే ఒక్క వైపు లింకు సరిపోయింది.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మామూలుగా తయారయ్యే ఇండెక్స్ ఈ పద్ధతిమీద కట్టినదే. 8 కిలోబైట్ల పేజీ ఒక నోడ్ అవుతుంది. లేమన్, యావోల మూలరూపంలో చదివేవారికి తాళమే లేదు. ప్రతివారూ పేజీని తమ సొంత మెమరీలోకి తెచ్చుకుని చదువుకుంటారని వారు అనుకున్నారు. పోస్ట్‌గ్రెస్‌లో పేజీలు అందరికీ ఉమ్మడి బఫర్లలో ఉంటాయి కాబట్టి, చదివేటప్పుడు ఆ ఒక్క పేజీకి రీడ్ లాక్ వేస్తుంది. అయితే దిగేటప్పుడు తల్లి తాళం వదిలేశాకే పిల్ల తాళం పడుతుంది. చేంతాడు పట్టుతో పని లేదు, మధ్యలో చీలిక జరిగితే హద్దు చెబుతుంది. తల్లిలో చోటు రాసేలోగా సర్వర్ కూలిపోతే ఏమవుతుంది? చీలిన పేజీకి 'చీలిక పూర్తి కాలేదు' అన్న గుర్తు ఉంటుంది. తర్వాత చేర్చడానికి అటుగా వచ్చిన థ్రెడ్ లేదా ప్రాసెస్ ఆ గుర్తు చూసి, మిగిలిన పని తాను పూర్తిచేస్తుంది. ఈలోగా వెతికేవారికి కుడి లింకు ఉండనే ఉంది.

తాళం బదులు అంకె

ఇదే ఆలోచనను మెమరీలోని చెట్లకూ తెచ్చారు. నోడ్‌కు ఒక వెర్షన్ అంకె ఉంటుంది. రాసేవారు లాక్ వేసి, మార్చి, అంకె పెంచుతారు. చదివేవారు లాక్ వేయరు. నోడ్‌కు వచ్చినప్పుడు అంకె చూసుకుని, పిల్ల పాయింటర్ చదివి, పిల్లలోకి దిగాక వెనక్కి తిరిగి తల్లి అంకె మారిందా అని చూస్తారు. మారకపోతే నిర్ణయం చెల్లినట్టే. మారితే కొంచెం పైనుంచి మళ్లీ దిగాలి. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన బ్రాన్సన్, అతని సహచరులు 2010లో ప్రకటించిన ఏవీఎల్ చెట్టు ఈ మార్గంలో నడుస్తుంది. ఇందాకటి ఉదాహరణలో 20 కోసం వచ్చిన థ్రెడ్ ఇక్కడైతే, 40కి దిగాక 50 అంకె మారిందని గుర్తించి వెనక్కి వెళ్లేది. చదివేవారు ఏమీ రాయరు కాబట్టి కాష్ లైన్ల తిరుగుడు కూడా తప్పుతుంది.

దీనికి ఒక ఖర్చు ఉంది. తాళం లేకుండా తిరిగేవారు ఏ నోడ్ మీద నిలబడి ఉన్నారో ఎవరికీ తెలియదు. అందుకని చెట్టులోంచి తీసేసిన నోడ్ మెమరీని వెంటనే తిరిగి ఇచ్చేయకూడదు. జావాలో గార్బేజ్ కలెక్టర్ ఆ సంగతి చూసుకుంటుంది. సి, సి++ లలో, దాన్ని పాత పాయింటర్‌తో చూడగలిగేవారంతా వెళ్లిపోయాకే ఇవ్వాలి. లైనక్స్‌లో ఆర్‌సీయూ చేసే పని ఇదే. ఈ చిక్కులన్నీ చూసే జావా లైబ్రరీ, క్రమం పాటించే ఉమ్మడి పట్టిక కోసం చెట్టునే పక్కనపెట్టి `ConcurrentSkipListMap` ఇచ్చింది. స్కిప్ లిస్ట్‌లో రొటేషన్లు ఉండవు, కాబట్టి మార్పు సాధారణంగా కొద్ది పాయింటర్ల దగ్గరే ఆగుతుంది.

తప్పును పట్టుకునే తీరు

తాళం తప్పిన చెట్టు మూడు రకాలుగా బయటపడుతుంది. కీలు చప్పుడు లేకుండా పోవడం మొదటిది. దీన్ని పట్టాలంటే, ఎనిమిది థ్రెడ్లకు ఒకదానికొకటి కలవని లక్షేసి కీలిచ్చి చేర్చమని, అన్నీ ముగిశాక చెట్టును ఎడమనుంచి కుడికి నడిచి లెక్కపెట్టాలి. ఎనిమిది లక్షలకు ఒకటి తగ్గినా తప్పు ఉన్నట్టే. చెట్టు తనకు తాను ఉంచుకునే లెక్కను నమ్మకూడదు. కీ పోయినా అది పెరిగి ఉంటుంది, తాళం లేకుంటే అదీ తప్పుతుంది. నడిచేటప్పుడే కీలు ఎక్కే క్రమంలో ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి.

రెండో రకంలో ప్రోగ్రాం ముందుకు సాగదు, ప్రాసెసర్ మాత్రం నూరు శాతం పనిచేస్తూ ఉంటుంది. రెండు రొటేషన్లు ఒకదానిమీదొకటి పడి, పాయింటర్లు గుండ్రంగా ముడిపడితే వెతికే థ్రెడ్ అందులో గానుగెద్దులా తిరుగుతుంది. మూడో రకంలోనూ ప్రోగ్రాం సాగదు, కాని ప్రాసెసర్ ఖాళీగా ఉంటుంది. అది డెడ్‌లాక్. జీడీబీలో `thread apply all bt` ఇస్తే ప్రతి థ్రెడ్ ఎక్కడ నిలిచిందో కనిపిస్తుంది. రెండు థ్రెడ్లు లాక్ కోసం చూస్తూ ఉంటే, ఏది ఏ నోడ్ తాళం పట్టుకుందో పోల్చి చూస్తే పైనుంచి కిందికి అన్న నియమం ఎక్కడ తప్పిందో దొరుకుతుంది.

పరీక్షలో ఒక్కసారి తప్పు రాకపోతే లేదని కాదు. 40 మాయమవ్వాలంటే రెండు థ్రెడ్లు అతి చిన్న సందులో ఎదురుపడాలి. తక్కువ కోర్లున్న లాప్‌టాప్‌లో వారమైనా రానిది, పెద్ద సర్వర్‌లో గంటకే రావచ్చు. అందుకే సి, సి++ ప్రోగ్రాములను `-fsanitize=thread` తో కంపైల్ చేసి నడుపుతారు. తాళం లేకుండా ఒకే చోటును ఇద్దరు తాకి, అందులో ఒకరైనా రాసి ఉంటే, ఫలితం పాడవకపోయినా ఆ రెండు వరుసలనూ ఇది చూపిస్తుంది. ప్రోగ్రాం చాలా నెమ్మదిస్తుంది కాబట్టి పరీక్షలకే వాడతారు. అయితే వెతకడానికొక తాళం, చేర్చడానికొక తాళం వేసిన తప్పును ఇది పట్టలేదు. అక్కడ ప్రతి తాకిడీ తాళం కిందే జరుగుతుంది, పొరపాటు రెండు తాళాల మధ్య ఉంటుంది.

ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది ఆ చెట్టు దగ్గర థ్రెడ్లు నిజంగా ఎంతసేపు ఆగుతున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. చాలా ప్రోగ్రాములకు ఒకే మ్యూటెక్స్ చాలు. తాళం కింద నాలుగు పోలికలే జరుగుతున్నప్పుడు నోడ్‌కో తాళం పెడితే, తాళాలు వేసి తీయడానికే ఎక్కువ సమయం పోతుంది. కొలిచి చూశాక ఆ మ్యూటెక్స్ దగ్గరే వరుస కడుతున్నారని తేలితే, వెతుకులాటలు ఎక్కువైనచోట వెర్షన్ అంకెలు, డిస్క్ మీది పెద్ద ఇండెక్స్ అయితే కుడి లింకు పనికొస్తాయి.